పదకొండు పేజీల్లోంచి మూడు పాయింట్లు



మేము ముగ్గురం ఒక ఐటీడీఏ ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాం. ప్రతి శనివారం అన్ని విభాగాల వారపు నివేదికలు మా దగ్గరికొస్తాయి. వాటిని ఒక్క పేజీకి, మూడు పాయింట్లకి కుదించి పీఓ సార్ బల్ల మీద పెట్టాలి. సోమవారం జనం అర్జీలు తీసుకునే ముందు సార్‌కి దాన్ని చదవడానికి ఐదు నిమిషాలు దొరికితే గొప్ప. మనవాళ్లు చాలామంది ఇలాంటి ఉద్యోగాల్లోకి వస్తున్నారు కదా, అందుకే ఒక వారం పని ఎలా నడిచిందో రాస్తున్నాం. ఊళ్ల పేర్లు రాయట్లేదు, అంకెలు కొంచెం మార్చాం.

అది జూలై నెల. నివేదిక 11 పేజీలు. మొదటి పేజీలో 12 ఆశ్రమ పాఠశాలల హాజరు: పోయిన వారం 88 శాతం, ఈ వారం 86. రెండు శాతమే కదా, నాట్ల రోజులు, పిల్లలు ఇళ్లకెళ్లి ఉంటారు అనుకుని దాటేయొచ్చు. కానీ మొత్తం పిల్లలు 1,550 మంది. రెండు శాతం అంటే 31 మంది. బడివారీగా చూస్తే ఆ 31 మందీ ఒకే బాలికల ఆశ్రమ పాఠశాల వాళ్లు. అక్కడ 127 నుంచి 96కి పడిపోయింది, మిగతా బళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి.

నాలుగో పేజీలో ఇంజినీరింగ్ వాళ్లు అదే బడి గురించి ఒక లైను రాశారు: "బోరు మోటారు కాలిపోయినది, అంచనా పంపడమైనది, పని ప్రగతిలో ఉన్నది." ఏడో పేజీలో వైద్యం వాళ్ల పట్టికలో, ఆ ఊరి పీహెచ్‌సీలో విరేచనాల కేసులు 11. మూడు విభాగాలు మూడు చోట్ల రాశాయి. ఒకరి పేజీ ఇంకొకరు చూడరు. విడివిడిగా చూస్తే మూడూ చిన్నవే. కుదించడం అంటే కత్తిరించడమే అనుకుంటారు గానీ, సగం పని ఇలాంటివి ఒకచోటికి చేర్చడమే.

ఫోన్ చేశాం. హెచ్ఎం గారు "ఏదో జ్వరాలండీ" అన్నారు. వార్డెన్ అక్క మాత్రం, "మోటారు పోయి ఆరు రోజులైంది బాబూ. ట్యాంకర్ రోజు విడిచి రోజు వస్తాంది. పిల్లలు వాగు నీళ్లే మోస్తున్నారు, అమ్మానాన్నలొచ్చి తీసుకుపోతున్నారు" అంది. ఇక "ప్రగతిలో ఉన్నది" అనే మాట సంగతి. ఆ మాట కనబడితే మేము రెండు అడుగుతాం: ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గరుంది, ఏ తేదీకి అవుతుంది? ఈ ఫైలు ఎక్కడుందో తెలుసా? పీఓ సార్ సంతకం కోసం, సార్ పేషీలోనే, వేరే ఫైళ్ల కింద.

మొదటి పాయింటు ఇలా రాశాం: "బాలికల ఆశ్రమ పాఠశాలలో 6 రోజులుగా బోరు లేదు, పిల్లలు వాగు నీళ్లు వాడుతున్నారు. అదే వారం ఆ ఊళ్లో 11 విరేచనాల కేసులు. బడిలో హాజరు 31 తగ్గింది. మోటారు ఫైలు మీ సంతకానికి ఉంది. అప్పటిదాకా రోజూ ట్యాంకర్ కావాలి. పేజీలు 1, 4, 7." నీళ్ల వల్లే విరేచనాలు అని రాయలేదు. శాంపిల్ ఫలితం రాలేదు, ఆ 11 మందిలో బడి పిల్లలెందరో కూడా తేలలేదు. "అదే వారం" అంటే చాలు. తేలనిదాన్ని తేలినట్టు రాస్తే, రేపు ఫలితం వేరేగా వస్తే మన పేజీని మళ్లీ ఎవరూ నమ్మరు.

రెండోది తేదీ ఉన్న పని. వాగు అవతల మూడు గూడేలకి ముందస్తు బియ్యం ఇంకా దాటలేదు. సరుకు డిపోలోనే ఉంది, ట్రాక్టర్ కిరాయికి అనుమతి లేదు. వాగు పొంగితే ఆ అనుమతి వచ్చినా పనికిరాదు. మూడోది పోయిన సోమవారం సార్ అడిగిన ప్రశ్నకి జవాబు: స్కాలర్‌షిప్ ఆగిన 14 మందిలో 9 మందికి బ్యాంకు ఖాతా సరిచేశారు, 5 మందికి ఆధార్‌లో పేరు కలవట్లేదు. అడిగినదానికి జవాబు లేకపోతే ఏ అధికారైనా మిగతా పేజీ అనుమానంగానే చదువుతాడు.

కాఫీ మొక్కల పంపిణీ, మరుగుదొడ్లు 78 నుంచి 80, జరిగిన సమావేశాలు పైకి రాలేదు. ఒక లైను తీసేస్తే సోమవారం సార్ చేసే పని మారుతుందా అని చూస్తాం. మారకపోతే అది కిందే ఉంటుంది. "మా విభాగం పేరే లేదేంటి?" అని ఒక పెద్దాఫీసరు కోపపడ్డారు. 11 పేజీలూ వెనకాల జతచేసే ఇస్తాం సార్ అని చూపించాం. కోపం పూర్తిగా తగ్గలేదు, అది వేరే సంగతి.

సోమవారం సంతకమైంది, గురువారం మోటారు బిగించారు. మరుసటి వారం హాజరు 119. రాని ఎనిమిది మంది ఎవరెవరో, ఏ గూడేలవాళ్లో వార్డెన్ అక్కని అడిగి రాసుకున్నాం. ఆ వారం మా పేజీలో మొదటి పాయింటు అదే.