ఇరవై అయిదు రూపాయల పార్సిల్

మా పాడేరు మన్యంలో పార్సిల్ ఆలస్యంగా రావడం వింత కాదు. మా చిరునామా అంటే ఊరి పేరు, పంచాయతీ, మండలం, పిన్‌కోడ్, అంతే. మండలం పోస్టాఫీసు నుంచి సంచి బ్రాంచి పోస్టాఫీసుకు చేరాలి, అక్కడి నుంచి గుట్టెక్కి ఊరికి రావాలి. వాగు పొంగితే సంచి అవతలే ఆగిపోతుంది. అందుకే "మీ చిరునామా సరిగా లేదు, పార్సిల్ ఆగిపోయింది" అని ఫోనుకు మెసేజ్ వస్తే మైదానం వాళ్లకన్నా మేమే తొందరగా నమ్ముతాం. నిజంగా జరిగేదే కదా మరి.

డీఎస్సీకి చదువుతున్న మా చిన్నాన్న కొడుకు పుస్తకాలకు ఆర్డరు పెట్టి ఎదురుచూస్తున్నాడు. అప్పుడే ఇంగ్లీషులో మెసేజ్ వచ్చింది. పార్సిల్ గోదాముకు చేరింది, రెండుసార్లు వచ్చినా ఇవ్వలేకపోయాం, 48 గంటల్లో చిరునామా సరిచేయకపోతే వెనక్కి పంపేస్తాం అని. కింద లింకు. నొక్కితే తపాలా శాఖ గుర్తుతో పేజీ తెరుచుకుంది. పేరు, ఊరు అడిగింది. చివర్న మళ్లీ తెచ్చి ఇవ్వడానికి 25 రూపాయలు కట్టమంది. వాడు ఏటీఎం కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు కొట్టాడు. వాళ్ల నాన్న కాఫీ గింజలు అమ్మిన డబ్బు ఆ ఖాతాలోనే ఉంది.

ఓటీపీ వచ్చింది. వాడు ఫోను పట్టుకుని నా దగ్గరకొచ్చాడు. "అన్నా, కట్టేది ఇరవై అయిదే. ఇందులో పద్దెనిమిది వేల నాలుగొందలు అని ఉందేంటి?"

మోసమంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. వాళ్లకు కావలసింది 25 రూపాయలు కాదు, కార్డు. వెయ్యి అడిగితే మనం నలుగురినీ అడుగుతాం. ఏమీ అడగకపోతే కార్డు బయటకు తియ్యం. ఇరవై అయిదంటే మండలానికి జీపులో పోయి వచ్చే ఖర్చుకన్నా తక్కువ, కట్టేస్తే పోతుందిలే అనిపిస్తుంది. మనం ఆ పేజీలో కొట్టే అంకెలు అవతలివాడికి అప్పటికప్పుడే కనిపిస్తాయి. వాడు వాటితో ఇంకెక్కడో ఏదో కొంటాడు. ఓటీపీ ఆ కొనుగోలుకు వస్తుంది. అందుకే బ్యాంకు పంపిన మెసేజ్‌లో అంకె ఒక్కటే చూసి కొట్టెయ్యకూడదు. ఎంత సొమ్ముకు, ఎవరికి అన్నది కూడా మామూలుగా అందులోనే ఉంటుంది. తమ్ముడు అది చదివాడు గనక ఆగాడు.

ఓటీపీ కొట్టలేదు కాబట్టి గండం గడిచిందనుకోవడానికి లేదు. విదేశీ సైట్లు కొన్ని ఓటీపీ అడగకుండానే కార్డు నుంచి డబ్బు లాగుతాయి. కార్డు వెనక అచ్చయిన నంబరుకు అప్పుడే ఫోన్ చేసి దాన్ని ఆపించాం. కార్డు వివరాలు మన చేతులతోనే ఇచ్చినప్పుడు, బ్యాంకుకు చెప్పేదాకా పోయిన సొమ్ము మన నష్టమే, చెప్పాక పోయింది బ్యాంకు భరించాలి అన్నది 2017లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన నియమం. కాబట్టి తెల్లారాక చూద్దామనుకోకూడదు. సొమ్ము అప్పటికే పోయి ఉంటే 1930కి కూడా ఆ గంటలోనే ఫోన్ చేయాలి. అవతలివాడు ఖాతాలోంచి తీసేసుకునేలోపు ఆపగలిగితేనే దొరికే ఆశ.

తర్వాత ఇద్దరం కూర్చుని ఆ మెసేజ్ మళ్లీ చదివాం. పంపిన నంబరు +63తో మొదలైంది. అది ఫిలిప్పీన్స్ కోడు. మనూరి పార్సిల్ సంగతి అక్కడివాళ్లకెందుకు? లింకులో ముందు తపాలా శాఖ పేరే కనిపించింది, ఇదుగో ఇలాగ:

```
indiapost.gov.in-upd.top/in
```

కళ్లు మొదటి ముక్క దగ్గరే ఆగిపోతాయి. చూడాల్సింది మొదటి ఏటవాలు గీతకు ముందున్న చివరి ముక్క. ఇక్కడ అది `.top`, ఎవరైనా కొనుక్కోవచ్చు. తపాలా శాఖది `indiapost.gov.in`, అక్కడితో సరి. `.gov.in` ప్రభుత్వానికి తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. ఇక మెసేజ్‌లో తమ్ముడి పేరు లేదు, పార్సిల్ నంబరూ లేదు. ఎలా ఉంటాయి? అదే మెసేజ్ ఆ వారంలోనే, ఎప్పుడూ ఏదీ తెప్పించుకోని హాస్టల్ పిల్లలకూ వచ్చింది. వేలమందికి పంపితే నిజంగా పార్సిల్ కోసం చూస్తున్నవాడు ఎవడో ఒకడు తగలకపోడు.

పోస్టులో డబ్బు కట్టాల్సి వచ్చే సందర్భాలు లేకపోలేదు. సరుకు అందాక సొమ్ము ఇస్తామని తెప్పించుకున్నా, విదేశం నుంచి వచ్చినదానికి సుంకం పడినా కట్టాలి. అయితే అది పార్సిల్ చేతికిచ్చేటప్పుడు తీసుకుంటారు. మనిషి దొరకకపోతే చీటీ వదిలి, పార్సిల్‌ని కొన్నాళ్లు పోస్టాఫీసులో ఉంచుతారు. వెళ్లి తెచ్చుకోవచ్చు.

తమ్ముడి రసీదు మీద 13 అక్షరాల నంబరుంది. ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, తొమ్మిదంకెలు, చివర IN. అది పట్టుకుని మా బ్రాంచి పోస్టుమాస్టరు దగ్గరకెళ్లాం. ఆయన తన ఫోనులో కొట్టి చూసి, "ఇంకా విశాఖపట్నం దాటలేదు బాబూ. గోదాము ఎక్కడిది, రెండుసార్లు రావడం ఎక్కడిది?" అన్నాడు.