పాత బాకీ... పక్క పేజీకి!

'అప్పు రేపు' అన్న బోర్డు లేని కిరాణా కొట్టు అరుదు. ఆ బోర్డు కిందే, గల్లాపెట్టె పక్కన, అరువు ఖాతా పుస్తకం లేని కొట్టూ అరుదే! బోర్డు కొత్తవాళ్ల కోసం, పుస్తకం తెలిసినవాళ్ల కోసం. నెలజీతాల మీద బతికే వీధిలో అరువు ఇవ్వనంటే బేరం పక్క కొట్టుకి పోతుంది. అడిగిన వాళ్లందరికీ ఇస్తే కొట్టే పోతుంది.

కొట్టును ముంచేది చెప్పాపెట్టకుండా ఊరొదిలి పోయేవాడే అనుకుంటారు చాలామంది. అలాంటివాళ్లు ఎప్పుడో ఒకరు తగులుతారు. అసలు చిల్లు పడేది నెలనెలా డబ్బు కట్టే 'మంచి' ఖాతాలోనే.

ఒక ఇంటి లెక్క చూడండి. మొదటి నెల నాలుగు వేల రూపాయల సరుకు తీసుకున్నారు. ఒకటో తారీఖున 3,500 కట్టారు. 'మిగతా అయిదొందలు వచ్చే నెల ఇస్తాం' అన్నారు. రెండో నెల సరుకు 4,200, కట్టింది 3,800. మూడో నెల సరుకు 4,400, కట్టింది 3,500. నాలుగో నెల 4,300కి మూడు వేలు. ప్రతి నెలా చేతిలో నోట్లు పడుతూనే ఉన్నాయి కాబట్టి కొట్టాయనకు అనుమానం రాలేదు. కానీ నాలుగు నెలల్లో వెళ్లిన సరుకు 16,900, వచ్చిన డబ్బు 13,800. బాకీ 3,100.

నూటికి పది రూపాయలు మిగిలే వ్యాపారంలో ఆ సరుకు మీద లాభం 1,690. అంటే లాభమంతా పోగా, ఇంకో 1,410 రూపాయలు కొట్టాయన సొంత జేబులోంచి వెళ్లాయన్నమాట. ఆ బాకీ రాకపోతే, దాన్ని పూడ్చుకోవడానికి ఇంకెవరికైనా 31 వేల రూపాయల సరుకు అమ్మాలి. ఈలోగా హోల్‌సేల్ వ్యాపారి తన డబ్బు కోసం రానే వస్తాడు. ఆయన దగ్గర 'వచ్చే నెల' చెల్లదు.

అందుకే అనుభవమున్న వ్యాపారి ఎంత కట్టారని చూడడు, ఎంత మిగిలిందని చూస్తాడు. మిగిలింది వరుసగా రెండు నెలలు పెరిగితే మాట్లాడాల్సిన సమయం వచ్చినట్టే. పై లెక్కలో అది రెండో నెల చివర, బాకీ 900 ఉన్నప్పుడు. ఇంకా కొన్ని గుర్తులుంటాయి. లెక్క తేల్చకుండా 'ఈ రెండు వేలు జమ వేసుకో' అని వెళ్లిపోవడం. తాము రాకుండా పిల్లల్ని పంపడం. చేతిలో డబ్బున్న రోజు పక్క కొట్టులో కొనడం.

మాట్లాడటమంటే నలుగురిలో నిలదీయడం కాదు. 'అమ్మా, పాత తొమ్మిది వందలు వేరే పేజీలో రాస్తున్నా. నెలకి మూడు వందల చొప్పున తీర్చేయండి. కొత్త సరుకు మాత్రం నాలుగు వేలు దాటనివ్వద్దు, అది ఒకటో తారీఖున మొత్తం కట్టేయాలి' అంటే చాలు. పాతదీ కొత్తదీ కలిసి ఉన్నంతకాలం ఏది తీరిందో ఎవరికీ తెలీదు. విడదీస్తే మూడు నెలల్లో పాత పేజీ కొట్టేయొచ్చు. ఆ నాలుగు వేలు కూడా కొట్టాయన గొప్పకు పెట్టిన హద్దు కాదు, ఆ ఇల్లు ఒక్క జీతంతో కట్టగలిగిన మొత్తం.

పద్దు రాసే తీరులోనూ జాగ్రత్త కావాలి. సరుకు చేతికిచ్చేలోపే రాయాలి, రాత్రికి గుర్తుచేసుకుని కాదు. 'సామాన్లు 340' అని రాస్తే నెలాఖరున తగువే. కందిపప్పు కిలో, నూనె ప్యాకెట్ అని విడివిడిగా, ఎవరు పట్టుకెళ్లారో కూడా రాయాలి. అదే పద్దు ఖాతాదారు దగ్గరుండే చిన్న పుస్తకంలోనూ ఎక్కాలి. సెల్‌ఫోన్‌లో రాసుకునేవాళ్లు ఆ మొత్తాన్ని అప్పుడే మెసేజీగా పంపితే సరి. నెలాఖరున నిలవ తేల్చి, తారీఖు వేసి, సంతకం తీసుకోవాలి.

ఆ సంతకానికి చట్టంలోనూ విలువ ఉంది. కొట్టాయన రాసుకున్న పద్దు ఒక్కటే బాకీని రుజువు చేయడానికి సరిపోదు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, గడువు చెప్పకుండా ఇచ్చిన సరుకు డబ్బు కోసం దాన్ని ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లలోపే దావా వేయాలి. ఆలోగా ఖాతాదారు బాకీ ఒప్పుకుని సంతకం చేస్తే, మూడేళ్లు మళ్లీ ఆ రోజు నుంచి మొదలవుతాయి. అయితే మూడు వేల కోసం కోర్టు మెట్లెక్కేవాళ్లెవరు? సంతకం అసలు ఉపయోగం కొట్టు దగ్గరే. 'నేనంత వాడలేదే' అన్న మాట రాదు.

బాకీ పెరిగిన మనిషి కొట్టు ముందు నుంచి నడవడం మానేస్తాడు. అప్పుడు పోయేది మూడు వేలే కాదు, నెలకు నాలుగు వేల బేరం కూడా. తొమ్మిది వందల దగ్గర అడిగితే అవతలివాళ్లు కాసేపు మొహం ముడుచుకుంటారేమో. మూడు వేలయ్యాక అడుగుదామంటే మాత్రం ఆ మొహమే కనిపించదు!