వినయమూ, విన్నపమూ

గత సంవత్సరం ఎమ్మెస్సీ ప్రవేశానికై సిఫారసు లేఖ కోరుతూ మా ఆచార్యులకు ఈ-మెయిల్ వ్రాయబూనాము. ఇంట నేర్చిన ఉర్దూ తహజీబు, బడిలో నేర్చిన తెలుగు వినయం కలిసి, మొదటి ప్రతిలో తొమ్మిది వాక్యాలు క్షమాపణలకే సరిపోయాయి. కోరిక పదవ వాక్యంలో దాగింది. గడువు తేదీ లేనేలేదు. మిత్రుడొకడు చదివి, "ఇంతకూ నీకేం కావాలి భాయ్?" అన్నాడు.

సిగ్గుపడి అంతా కొట్టివేసి, "దయచేసి శుక్రవారంలోగా సిఫారసు లేఖ పంపండి" అని వ్రాశాము. అది విన్నపం కాదు, తాఖీదు. "దయచేసి" అన్నంత మాత్రాన ఆజ్ఞ మెత్తబడదు; కాదనడానికి వారికి చోటేదీ?

మూడవ ప్రతి ఇట్లా కుదిరింది: "గౌరవనీయులైన సార్, మీ వద్ద రెండేళ్లు రసాయనశాస్త్రం చదివాను. ఎమ్మెస్సీ ప్రవేశానికి సిఫారసు లేఖ వ్రాయగలరా? గడువు మార్చి 20, అంటే ఇంకా మూడు వారాలు. మార్కుల పట్టిక జతపరిచాను. వీలుకాకున్న తెలియజేయండి, మరొకరిని అర్థిస్తాను. కృతజ్ఞతలతో." విషయం గడిలో కోరికనూ తేదీనీ ఉంచాము.

వినయం నమ్రపదాల సంఖ్యలో లేదు. పెద్దల సమయానికీ, వారి నిరాకరణకూ చోటివ్వడంలో ఉంది. ఆ సాయంత్రమే జవాబు వచ్చింది: "వ్రాస్తాను. నీ ప్రాజెక్టు నివేదిక కూడా పంపు."