ఎంజీఎంలో ఒక బెంచీ, రెండు గంటలు

వరంగల్‌లోని మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి, జనం నోట ఎంజీఎం, 1959లో ఏర్పడిన కాకతీయ వైద్య కళాశాలకు బోధనాసుపత్రి కావడం వల్ల, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చే రోగులు, వారి సహాయకులు, వైద్య విద్యార్థులు అందరూ కలిసి తిరిగే చోటు. ఇక్కడ చిత్రీకరణకు అనుమతి కోరే సినిమా విద్యార్థి ముందు ఆవరణంతా తిరిగి చూసుకుని, ఆ తర్వాతే లేఖకు కూర్చోవాలి. ప్రైవేటు ఆసుపత్రిలో మేనేజరుకు రాసే లేఖ ఇక్కడ సూపరింటెండెంట్‌కు చేరాలి. వార్డుల రోజువారీ వ్యవహారం చూసే రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్‌కు, అంటే ఆర్‌ఎంఓకు, ఒక ప్రతి ఇవ్వడం మంచిది.

ఉదాహరణకు, భర్తను వార్డులో చేర్చి బయట బెంచీపై ఎదురుచూస్తున్న స్త్రీ కథ చిత్రించాలనుకుందాం. ప్రవేశద్వారం దాటి క్యాజువాలిటీ, అంటే అత్యవసర విభాగం, వైపు నడిస్తే, స్ట్రెచర్ తిరిగే దారిలో ట్రైపాడ్ నిలపడం కుదరదని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. వార్డు తలుపు దగ్గర అసలు చిక్కు ఎదురవుతుంది: రోగి ముఖం కెమెరాకు చిక్కితే, సంతకం పెట్టవలసింది ఆసుపత్రి అధికారి ఒక్కడే కాదు, ఆ రోగి కూడా. మానసిక చికిత్స పొందుతున్నవారి ఫొటో వారి సమ్మతి లేకుండా ప్రసార మాధ్యమాలకు ఇవ్వరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం విడిగా చెబుతుంది. నొప్పితో ఉన్న మనిషి ఇచ్చే సమ్మతి ఎంత స్వేచ్ఛగా ఇచ్చిందో తేల్చడం కష్టం కాబట్టి, రోగులు లేని చోటు అడగడమే తెలివైన పని. సాధారణంగా ఆదివారం ఓపీ, అంటే బయటి రోగుల పరీక్ష, ఉండదు. ఆ వరండా ఖాళీగా దొరుకుతుంది.

కాబట్టి లేఖలో “సహకరించగలరు” అనే మాట కన్నా ఎక్కువ పనిచేసేది ఇలాంటి వాక్యం: “ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి 4 గంటల వరకు, ఓపీ వరండాలోని ఒక బెంచీ దగ్గర, ఆరుగురు సభ్యులు, ఒక కెమెరా, బ్యాటరీతో వెలిగే ఒక లైటుతో చిత్రీకరిస్తాము, ఆసుపత్రి కరెంటు వాడము, రోగులెవరూ చట్రంలోకి రారు, అత్యవసరమైతే వెంటనే తప్పుకుంటాము.” బ్యాటరీ ప్రస్తావన చిన్నదిగా కనిపించినా, నేలపై తీగ పరిచితే ఎవరైనా తట్టుకుని పడతారన్న అధికారి భయాన్ని అది ముందే తీరుస్తుంది.

కథలో డాక్టరు పాత్ర ఉంటే, తెల్లకోటు వేసిన నటుడి విషయం చాలామందికి తట్టదు. విరామంలో అతను వరండాలో నిలబడితే, కంగారుగా వచ్చిన సహాయకుడు నిజమైన డాక్టరనుకుని రిపోర్టు చేతిలో పెట్టే ప్రమాదముంది. అందువల్ల కోటు షాట్‌కు ముందు వేసి, షాట్ కాగానే తీసేస్తామని రాయాలి. కథలో వైద్యుల నిర్లక్ష్యం ఉంటే ఆ సంగతి దాచకుండా కథాసారాన్ని జతచేసి, ఆసుపత్రి పేరున్న బోర్డు చూపబోమని హామీ ఇవ్వాలి, ఎందుకంటే ప్రదర్శన తర్వాత బయటపడిన కథ వల్ల తర్వాత వచ్చే విద్యార్థులకు తలుపు మూసుకుంటుంది. తమ కళాశాల విభాగాధిపతి సిఫారసు పత్రం, సభ్యుల గుర్తింపు కార్డుల నకళ్లు జతచేసి, లేఖను తేదీకి చాలా ముందుగా స్వయంగా ఇచ్చి, రెండో ప్రతిపై స్వీకరించినట్టు ముద్ర వేయించుకోవాలి. చిత్రీకరణ రోజు ద్వారం దగ్గరి కాపలాదారు మొదట అడిగేది అనుమతి ఉత్తర్వునే.