గుండెపోటుకు దగ్గు మందు కాదు: ఒక ఫార్వర్డ్‌ను తెలుగు చేయడంలోని మెలకువలు

గుండెపోటు అనే మాటను తెలుగులో రెండు వేర్వేరు ఆపదలకు వాడుతున్నారు. గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడితే అది గుండెపోటు. గుండె కొట్టుకోవడమే ఆగిపోయి మనిషి నిలుచున్నచోటే కుప్పకూలితే, పేపర్లోనూ వాకిట్లోనూ అదీ గుండెపోటే. డాక్టర్లు మొదటిదాన్ని హార్ట్ ఎటాక్ అని, రెండోదాన్ని కార్డియాక్ అరెస్ట్ అని వేరు చేస్తారు. హార్ట్ ఎటాక్‌లో మనిషి సాధారణంగా స్పృహలోనే ఉంటాడు. ఛాతీ మధ్యలో బండ పెట్టినట్టుంటుంది, చెమటలు పడతాయి, నొప్పి చేతికో దవడకో పాకుతుంది. కార్డియాక్ అరెస్ట్‌లో కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది. మొదటిది ముదిరి రెండోదానికి దారితీయవచ్చు కానీ, రెండూ ఒకటి కావు. ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండమనే సలహా ఈమెయిళ్ల కాలం నుంచి తిరుగుతోంది. దానిలోని ప్రమాదమంతా ఈ తేడా చెరిగిపోవడంలోనే ఉంది.

హనుమకొండలో అరవై దాటిన ఒక రిటైర్డ్ ఉద్యోగికి తెల్లవారుజామున నాలుగున్నరకు ఛాతీలో బరువు మొదలైంది. భార్యను లేపాడు. ఆమెకు ఇంటి గ్రూపులో వచ్చిన మెసేజ్ గుర్తొచ్చింది. ఆయన మంచం అంచున కూర్చుని, మెసేజ్‌లో ఉన్నట్టే లోతుగా ఊపిరి పీల్చి దగ్గడం, మళ్లీ పీల్చి దగ్గడం మొదలుపెట్టాడు. దాదాపు గంట అలాగే గడిచింది. నొప్పి తగ్గకపోగా చొక్కా తడిసిపోయేసరికి పక్కింటివాళ్ల కారులో ఆస్పత్రికి తీసుకొచ్చారు. ఈసీజీలో నాళం పూర్తిగా మూసుకుపోయిన గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. గడ్డను కరిగించే ఇంజక్షన్ ఇచ్చారు, ప్రాణం నిలిచింది. అయితే ఆ గంటలో కొంత కండరం చచ్చిపోయింది. తర్వాత తీసిన ఎకోలో గుండె పంపింగ్ బాగా తగ్గినట్టు తేలింది. ఆలస్యం ఎందుకైందని అడిగితే భార్య ఫోన్ తెరిచి చూపించింది. "దగ్గితే గుండె మల్ల మంచిగ నడుస్తదని మా గ్రూపుల వచ్చింది సార్. అందుకే దగ్గుమన్న."

ఆ మెసేజ్ అమెరికాలో ఉన్న మేనల్లుడు పంపిన ఇంగ్లిష్ ఫార్వర్డ్. స్కూల్లో టీచర్‌గా పనిచేస్తున్న పెద్ద కూతురు, అమ్మకూ పరకాలలో ఉన్న నానమ్మకూ అర్థం కావాలని తెలుగు చేసింది. అనువాదంలో అబద్ధమేమీ కలపలేదు, ఉన్నదాన్ని ఉన్నట్టే రాసింది. తప్పు మూలంలోనే ఉంది. పైన శీర్షికలో హార్ట్ ఎటాక్ అని ఉంటుంది, లోపల మాత్రం స్పృహ తప్పడానికి పది సెకన్లే ఉన్నాయని, అంటే కార్డియాక్ అరెస్ట్ గురించి, చెబుతుంది. ఇంగ్లిష్‌లో రెండు పేర్లున్నాయి గనుక జాగ్రత్తగా చదివేవారికి అతుకు కనిపించే అవకాశం కొంచెమైనా ఉంది. తెలుగులో రెండుచోట్లా గుండెపోటు అని పడగానే ఆ అతుకూ మాయమైంది.

కాబట్టి తెలుగు చేసేవారు ముందుగా చేయాల్సింది మెసేజ్‌ను వాక్యాలుగా కాక, అందులోని వాదనలుగా విడగొట్టడం. ఈ ఫార్వర్డ్‌లో దగ్గు గురించి అలాంటివి నాలుగు దొరుకుతాయి. గుండె ఆగితే పది సెకన్లలో స్పృహ పోతుందనేది ఒకటి, అది దాదాపు నిజం. దగ్గు గుండెను నొక్కి రక్తం ఆడిస్తుందనేది రెండోది, అది సగం నిజం. సాయం వచ్చేదాకా ఒంటరి మనిషి దగ్గుతూ బతకగలడనేది మూడోది, దానికి ఆధారం లేదు. దీన్ని ఫలానా ఆస్పత్రి ప్రచురించిందనేది నాలుగోది. మూలంలో అమెరికాలోని రోచెస్టర్ జనరల్ హాస్పిటల్ పేరు ఉంటుంది. ఆ ఆస్పత్రి ఈ సలహాతో తనకు సంబంధం లేదని ఎప్పుడో చెప్పేసింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా దీన్ని సమర్థించదు.

రెండో వాదనలో ఆ సగం నిజం ఎక్కడినుంచి వచ్చిందో తెలియకపోతే అనువాదం గురి తప్పుతుంది. 1976లో క్రైలీ అనే అమెరికన్ హృద్రోగ నిపుణుడు, ఆయన సహచరులు ఒక సంగతి గమనించి ప్రచురించారు. యాంజియోగ్రామ్ గదిలో బల్లమీద ఉన్న కొందరు రోగుల గుండె లయ హఠాత్తుగా చెదిరిపోయినప్పుడు, వారిచేత వెంటనే కొన్ని సెకన్లకోసారి గట్టిగా దగ్గించారు. అలా వారు అర నిమిషం అటూఇటుగా స్పృహలో ఉండగలిగారు, ఈలోగా షాక్ ఇచ్చే యంత్రం సిద్ధమైంది. అక్కడ రోగి గుండె మానిటర్‌లో కనిపిస్తోంది, లయ తప్పిన క్షణంలోనే దగ్గమని చెప్పేవాళ్లున్నారు, యంత్రం చేతికందేంత దూరంలో ఉంది. తెల్లవారుజామున మంచం అంచున ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. గుండె నిజంగా ఆగితే ఫోన్ తీసి మెసేజ్ చదివేలోపే స్పృహ పోతుంది. మెసేజ్ చదవగలుగుతున్నాడంటే గుండె కొట్టుకుంటూనే ఉంది, మూసుకుపోయింది నాళం. దగ్గు ఆ గడ్డను కదిలించలేదు, ఆస్పత్రికి చేరే సమయాన్ని మాత్రం తినేస్తుంది.

ఇక మాటల సంగతి. ఆరోగ్య విషయాల్లో తెలుగు వాడుక అనువాదకుడికి కొన్నిచోట్ల గుంటలు తవ్వి పెట్టింది. వరంగల్ చుట్టుపక్కల "మందు తాగిండు" అంటే పత్తిచేను పురుగుమందు తాగాడని అర్థం, పెళ్లింట్లో అదే మాటకు ఇంకో అర్థం. అందుకే డ్రగ్‌ను ఒట్టి మందు అని రాయకుండా మాత్ర అనో, టానిక్ అనో, ఇంజక్షన్ అనో రాయడం మేలు. స్ట్రోక్ అన్నచోట పక్షవాతం అని తేల్చి రాయకపోతే చాలామంది గుండెకు సంబంధించిందనుకుంటారు, ఎండాకాలంలోనైతే వడదెబ్బ అనుకుంటారు.

అంతకంటే పెద్ద గుంట క్రియాపదంలో ఉంది. ఇంగ్లిష్‌లో మేలు చేయవచ్చు అని అనుమానంగా చెప్పిన మాట, తెలుగులో "తగ్గుతుంది" అయి కూర్చుంటుంది. "తగ్గొచ్చు" అని రాస్తే చప్పగా అనిపిస్తుంది, చెప్పేవాడికే నమ్మకం లేనట్టుంటుంది. వానాకాలంలో డెంగీ మొదలవగానే తిరిగే బొప్పాయి ఆకు రసం మెసేజ్ ఇలాగే గట్టిపడింది. ఆ రసంతో ప్లేట్‌లెట్లు కొంత పెరిగినట్టు చిన్న చిన్న అధ్యయనాల్లో కనిపించిన మాట నిజమే. ప్రాణాపాయం తప్పుతుందని మాత్రం ఎక్కడా రుజువు కాలేదు. పైగా డెంగీలో ప్రాణం తీసేది చాలాసార్లు ప్లేట్‌లెట్ల లెక్క కాదు, రక్తనాళాల నుంచి నీరు బయటికి కారిపోవడం. అది జ్వరం తగ్గుముఖం పట్టే రోజుల్లో వస్తుంది. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, మగతగా పడి ఉండటం దాని గుర్తులు. "రసంతో తగ్గుతుంది" అని చదివిన ఇంట్లో జ్వరం దిగగానే గండం గడిచిందనుకుంటారు. ఒక్క "-తుంది" వల్ల జరిగే నష్టం ఇది.

మోతాదుల విషయంలో మాటకు మాట అనువాదం మరీ ప్రమాదం. దగ్గు ఫార్వర్డ్ చివర, నొప్పి రాగానే ఒక ఆస్పిరిన్ నమలమని ఉంది. ఈ సలహాకు ఆధారముంది. అయితే అమెరికా ఇంట్లో పెద్దల ఆస్పిరిన్ ఒకటి అంటే మామూలుగా 325 మిల్లీగ్రాములు. హనుమకొండ మెడికల్ షాపులో గుండె రోగులకు రోజూ వేసుకోమని ఇచ్చేది ఎక్కువగా 75 లేదా 150. కూతురు రాసిన "ఒక ఆస్పిరిన్" ప్రకారం అమ్మ ఇచ్చి ఉంటే అవసరమైనదాంట్లో నాలుగో వంతో, సగమో మాత్రమే వెళ్లేది. ఇక్కడ మాత్రల సంఖ్య కాదు, మిల్లీగ్రాములు రాయాలి. కడుపులో పుండ్లు, రక్తస్రావం ఉన్నవారికి, ఆస్పిరిన్ పడనివారికి ఇది వర్తించదని, పక్షవాతం అనుమానం ఉంటే ఇవ్వకూడదని ఆ వాక్యం పక్కనే ఉండాలి.

అనుమానం ఉందని గుర్తు పెట్టడం ఎక్కడ అన్నది కూడా ముఖ్యమే. గ్రూపులో ఎవరో ఫార్వర్డ్ పెడతారు, కింద డాక్టరు చదివే పిల్ల "ఇది తప్పు అత్తయ్యా" అని రిప్లై ఇస్తుంది. పై మెసేజ్‌ను వేరే గ్రూపుకు పంపినప్పుడు ఆ రిప్లై వెంట వెళ్లదు. హెచ్చరిక అదే మెసేజ్ లోపల, మొదటి వరుసలోనే ఉంటే తప్ప ప్రయాణం చేయదు. పైన రెండు బాణాలతో `Forwarded many times` అని కనిపిస్తే, అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. అది నిజమా కాదా అన్నది ఆ గుర్తు చెప్పదు. మొదట రాసినవారిని అడిగి తేల్చుకునే దారి మూసుకుపోయిందని మాత్రం చెబుతుంది.

కొన్నింటిని హెచ్చరికతో కూడా తెలుగు చేయకూడదు. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో కొందరు ఉమ్మెత్త కాయల రసం తాగి ఆస్పత్రి పాలయ్యారు. ముళ్లముళ్లుగా ఉండే ఆ కాయ కరోనా వైరస్ ఆకారంలో ఉంది గనుక అదే విరుగుడని ఒక టిక్‌టాక్ వీడియో చెప్పింది. ఉమ్మెత్తలో అట్రోపిన్, స్కోపలమిన్ ఉంటాయి. నోరు ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, గుండె దడదడలాడుతుంది, మనిషి లేనివి చూస్తూ కలవరిస్తాడు. ఇలాంటి మెసేజ్‌కు "నమ్మవద్దు" అని తగిలించి, ఎన్ని కాయలు ఎలా నూరాలో కూడా రాస్తే, చదివినవారికి కొన్నాళ్లకు హెచ్చరిక మరుగై తయారీ గుర్తుండిపోతుంది. విషం గురించైతే చేసే పద్ధతి వదిలేసి, తాగితే ఏమవుతుందో మాత్రమే రాయాలి.

దగ్గు మెసేజ్‌ను కూడా అలాగే మార్చాల్సి వచ్చింది. రోగి డిశ్చార్జి అయ్యేనాటికి కూతురు డాక్టరు దగ్గర కూర్చుని పాతదాని స్థానంలో ఇది రాసింది.

"ఛాతీలో బరువు, చెమట, చేతికో దవడకో పాకే నొప్పి వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. గ్యాస్ అనుకుని ఆగకండి. నడవకండి, మెట్లు ఎక్కకండి. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండ్లు, రక్తస్రావం ఉన్నవారు కాకపోతే, 300 మిల్లీగ్రాములు నమిలి మింగండి, అంటే 75వి నాలుగు. మాట తడబడినా, కాలో చెయ్యో పడిపోయినా అది పక్షవాతం కావచ్చు, ఆస్పిరిన్ వద్దు. దగ్గితే తగ్గుతుందని తిరుగుతున్న మెసేజ్ ఇంట్లో పనికిరాదు, దానివల్ల టైం పోతుంది. మనిషి పడిపోయి, పిలిస్తే పలకక, ఊపిరి తీసుకోకపోతే అది వేరే ఆపద. 108కి చెప్పి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో రెండు అంగుళాల లోతున, నిమిషానికి వందకు తగ్గకుండా నొక్కుతూ ఉండండి."

గుండెపోటు అనే మాట ఇందులో ఎక్కడా లేదు. రెండు ఆపదలనూ పేరుతో కాక, ఇంట్లోవాళ్ల కంటికి కనిపించే గుర్తులతో చెప్పారు. పరకాలలోని నానమ్మకు చదవడం రాదు కాబట్టి కూతురు ఇదే పాఠాన్ని తన గొంతుతో రికార్డు చేసి పంపింది. 108 అనే నంబరును మొదట ఒకసారి, చివర ఇంకోసారి, ఒకటి, సున్నా, ఎనిమిది అని విడివిడిగా పలికింది.