ఇద్దరు సాక్షులనుకున్నాను

నా థీసిస్ మూడో అధ్యాయంలో ఒక వాక్యం ఉంది. 1877 కరువులో కూలి తగ్గించడంతో పనులకొచ్చినవాళ్ళ ఒళ్ళు చిక్కిపోయాయని చెప్పే వాక్యం. దాని కింద ఫుట్‌నోట్‌లో రెండు ఆధారాలిచ్చాను. ఒకటి విలియం డిగ్బీ 1878లో తెచ్చిన కరువు పుస్తకం, రెండోది ఈమధ్య ఒక జర్నల్‌లో వచ్చిన పేపర్. ఇంత ఎడంగా ఇద్దరు ఒకే మాట అంటున్నారు కదా అని, వాక్యంలో "నిస్సందేహంగా" అని కూడా చేర్చాను.

ఆ గొడవ ఏమిటంటే, 1877 మొదట్లో మద్రాసు ప్రెసిడెన్సీకి ఖర్చు తగ్గించే పని మీద రిచర్డ్ టెంపుల్ వచ్చాడు. కరువు పనుల్లో మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం ఖరీదు, పైన ఒక అణా చాలన్నాడు. పౌనంటే అరకిలో కన్నా కొంచెం తక్కువ. అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. తర్వాత కూలి మళ్ళీ కొంత పెంచారు.

సబ్మిషన్‌కి ముందు కొటేషన్లు సరిచూస్తూ ఆ పేపర్ మళ్ళీ తెరిచాను. రచయిత అంతటా Kadapa అని రాశాడు. కార్నిష్ గురించిన రెండు పేరాల్లో మాత్రం Cuddapah. వాక్యాలు కూడా ఉన్నట్టుండి పొడుగయ్యాయి. అందులోంచి ఎనిమిది పదాల ముక్క తీసి కొటేషన్ మార్కుల మధ్య పెట్టి వెతికాను. ఏమీ రాలేదు. పాత పుస్తకాల స్కాన్లలో కంప్యూటర్ అక్షరాలు తప్పుగా చదువుతుంటుంది కదా అని ఇంకో ముక్క ప్రయత్నించాను. డిగ్బీ పుస్తకం తెరుచుకుంది. రెండు పేరాలూ రెండు మూడు మాటల తేడాతో అక్కడివే. పేపర్‌లో డిగ్బీ పేరే లేదు, "మద్రాసు ప్రభుత్వ రికార్డులు" అని మాత్రం ఉంది.

ముందు కోపం వచ్చింది, తర్వాత నా వాక్యం గుర్తొచ్చి చెమట పట్టింది. నేను ఇద్దరు సాక్షులనుకున్నది ఒక్కడే. డిగ్బీ పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పి చదివితే, ఆయనా అక్కడ చెబుతున్నది కార్నిష్ వాదననే. అంటే నా "నిస్సందేహంగా" నిలబడింది ఆ తగాదాలో ఒక పక్షం మనిషి మాట మీద. కార్నిష్ చెప్పింది నిజమే కావచ్చు. కానీ ఒకడి మాటని ముగ్గురి మాటగా లెక్కేశాను.

"ఆ పేపర్ తీసేయ్, పీడా పోతుంది," అన్నారు మా గైడ్ మేడమ్.

"తీసేద్దామనే అనుకున్నాను మేడమ్. కానీ నాలుగో అధ్యాయంలో ఆయన టేబుల్ వాడుకున్నాను."

ఒక తాలూకాలో ఏ ఊళ్ళో ఏ పని, ఎంతమంది కూలీలు అన్నది కలెక్టర్ ఉత్తరాల్లోంచి ఏరి ఆయన చేసిన పట్టిక అది. ఆయన పేరు తీసేసి నేరుగా ఆర్కైవ్స్ పేరు వేస్తే, ఆ ఉత్తరాలన్నీ నేనే చదివినట్టవుతుంది. ఆయన డిగ్బీకి చేసిందే నేను ఆయనకి చేసినట్టు. అలాగని పేరాలు ఎత్తినవాడి పట్టికని కళ్ళు మూసుకుని నమ్మలేను. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్ళి, పట్టికలో నా వాదనకి ముఖ్యమైన మూడు వరసలు అసలు ఉత్తరాలతో పోల్చాను. సరిపోయాయి. మిగతావి చూడలేదు.

చివరికి ఇలా చేశాను. మూడో అధ్యాయంలో పేపర్ పేరు తీసేసి, నేను స్వయంగా చదివిన డిగ్బీ పేజీ నంబరు ఇచ్చాను. "నిస్సందేహంగా" కొట్టేసి "కార్నిష్ వాదన ప్రకారం" అని రాశాను. నాలుగో అధ్యాయంలో పట్టికకి పేపర్‌నే ఉదహరించి, మూడు వరసలు మూలంతో సరిచూశానని ఫుట్‌నోట్‌లో చెప్పాను. దాని కిందే ఇంకో వాక్యం: "ఈ వ్యాసంలో కార్నిష్ గురించిన రెండు పేరాలు డిగ్బీ పుస్తకంలోని పాఠంతో దాదాపు అక్షరాలా కలుస్తున్నాయి." పేజీ నంబర్లు ఇచ్చాను. "చోరీ" అనే మాట వాడలేదు. నేను చూసింది రెండు పాఠాల పోలికే. నోట్సులో కొటేషన్ మార్కులు జారిపోయాయో, కావాలనే చేశాడో నాకు తెలిసే దారి లేదు. అది అడగాల్సింది ఎడిటర్.

అందుకే జర్నల్ ఎడిటర్‌కి ఒక పేజీ పంపాను. ఎడమవైపు డిగ్బీ, కుడివైపు పేపర్, కలిసిన మాటల కింద గీతలు. రచయితని వివరణ అడిగి, సవరణ వెయ్యాలో పేపర్ ఉపసంహరించాలో తేల్చాల్సింది వాళ్ళు. ఉపసంహరిస్తే నా ఫుట్‌నోట్‌లో ఆ సంగతి కూడా చేర్చాలి.

మూడో అధ్యాయంలో ఆ వాక్యం ఇప్పుడు మునుపటంత గట్టిగా లేదు. మేడమ్ పక్కన పెన్సిల్‌తో "బలహీనంగా ఉంది" అని రాశారు. అలాగే ఉంచాను. ఇంకో సాక్షి కోసం టెంపుల్ వైపు కాగితాలు చదువుతున్నాను.