దుకాణ్‌దార్ బయో

మా దుల్హాభాయ్‌ది బడంగ్‌పేట్‌లో కిరాణా దుకాణం. పద్నాలుగేళ్లు నడిపాడు. పోయిన రంజాన్ తర్వాత షట్టర్ దించేశాడు. కారణాలు అందరికీ తెలిసినవే. ఫోన్‌లో నొక్కితే పది నిమిషాల్లో పాలప్యాకెట్ ఇంటికొచ్చే కాలంలో వీధి చివర దుకాణ్‌కి గిరాకీ ఎక్కణ్ణుంచి వస్తుంది? శంషాబాద్ దగ్గర ఒక గోదాములో ఇన్వెంటరీ సూపర్‌వైజర్ నౌకరీ ఉందని ఎవరో చెప్పారు. ఎయిర్‌పోర్టు 2008లో మొదలైన దగ్గర్నుంచి ఆ చుట్టుపక్కల గోదాములు పెరుగుతూనే ఉన్నాయి, మన మొహల్లా పిల్లలు చాలామంది అక్కడే చేస్తున్నారు. వాళ్లు బయో అడిగారు. ఇంగ్లీషులో, ఒక పేజీకి మించకుండా.

"నాకేం బయో ఉంది మియా? దుకాణ్ పెట్టిన, దుకాణ్ బంద్ చేసిన. అంతే కదా" అన్నాడు.

అంతే కాదు. అసలు కష్టం తర్జుమా దగ్గరుంది. ఆయన చేసిన పనికి కంపెనీ వాళ్ల జబాన్‌లో పేర్లున్నాయి, కానీ ఆ పేర్లు ఆయన ఎప్పుడూ వినలేదు. ఆయన నోట వచ్చే లఫ్జులు వాళ్లు వినలేదు. అంతకుముందు ఎవరో కుర్రాడు రాసిచ్చిన బయో చూపించాడు. మొదటి లైనులోనే "ప్రొప్రైటర్ అండ్ చీఫ్ ఎగ్జిక్యూటివ్" అని ఉంది. కింద "పది మంది టీమ్‌ను నడిపాను" అని. దుకాణ్‌లో ఉన్నది ఆయన, మా ఆపా, సైకిల్ మీద సౌదా చేరవేసే ఒక పిల్లాడు. ఇలాంటి కాగితం చూసిన మేనేజర్‌కి రెండు షక్‌లు వస్తాయి. ఒకటి, ఇది అబద్ధం. రెండోది ఇంకా పెద్దది. ఇంతకాలం మాలిక్‌గా ఉన్న మనిషి రేపు ఒకడి కింద ములాజిమ్‌గా నిలబడతాడా, మూడు నెలలకే వెళ్లి మళ్లీ దుకాణ్ తెరుస్తాడా అని. ఆ రెండో షక్‌కి బయోలోనే జవాబు ఉండాలి. పెద్ద పదవి పేరు రాస్తే అది పోదు, ఇంకా ముదురుతుంది.

కాబట్టి పేర్లు పక్కనపెట్టి హిసాబ్ పుస్తకాలు తీశాం. ఆపా వాటిని రేకుల పెట్టెలో భద్రంగా దాచింది.

రోజుకి సగటున 18,000 గల్లా. ఏడాదికి 360 రోజులు తెరిచి ఉంటే దాదాపు 65 లక్షలు. మార్జిన్ నూటికి పది పదకొండు, అంటే సరుకు కొన్న ఖర్చు సుమారు 58 లక్షలు. దుకాణ్‌లో ఏ రోజు చూసినా 4 లక్షల సరుకు ఉంటుంది. 58ని 4తో భాగిస్తే పద్నాలుగున్నర. ఏడాదిలో దుకాణ్ అన్నిసార్లు ఖాళీ అయి మళ్లీ నిండింది. ఇంకోలా చెప్తే చేతిలో ఎప్పుడూ 25 రోజుల స్టాక్. దీన్నే గోదాము వాళ్లు ఇన్వెంటరీ టర్న్ అంటారు. దుల్హాభాయ్‌కి ఆ పేరు తెలీదు. బియ్యం బస్తా వారం దాటితే డబ్బు ఇరుక్కుపోయిందని మాత్రం తెలుసు. రెండూ ఒకటే ఇల్మ్.

నాకు బాగా నచ్చింది రంజాన్ సంగతి. ఆయన పండగ సరుకు పుస్తకం ఇంగ్లీషు నెలల ప్రకారం రాయలేదు, చాంద్ ప్రకారం రాశాడు. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది కదా. పోయిన ఏప్రిల్‌లో ఎంత ఖజూర్ పోయిందని చూసి ఈ ఏప్రిల్‌కి తెప్పిస్తే మునుగుతారు. షాబాన్‌లో ఏం తెప్పించాడు, మొదటి అష్రాలో శనగపిండి ఎంత పోయింది, ఆఖరి వారంలో సేవయ్యాలు ఎన్ని కిలోలు పోయాయి, ఇవి పక్కపక్కన రాసి ఉన్నాయి. బోనాలకీ, బాలాపూర్ గణేష్ రోజులకీ వేరే పేజీలు. దీనికి కంపెనీ పేరు డిమాండ్ ఫోర్‌కాస్టింగ్. పేరు రాసి ఊరుకుంటే ఎవరూ నమ్మరు. "పండగ డిమాండ్‌ను చాంద్ క్యాలెండర్ ప్రకారం ఆరు వారాల ముందే అంచనా వేసి ఆర్డరు పెట్టాను" అని రాస్తే ఇంటర్వ్యూలో దాని గురించే అడుగుతారు. అడగాలనే అలా రాశాం.

తర్వాత ఉధార్. ఇక్కడ కొంచెం ఇబ్బంది వచ్చింది. 70 ఇళ్లకి ఖాతా ఉంది. నెలకి 1 లక్షా 80 వేల సౌదా ఉధార్ మీద పోయేది, నెలాఖరుకి రావలసింది లక్షా 60 వేలు ఉండేది. అంటే సగటున 27 రోజుల్లో పైసా తిరిగొచ్చేది. ఏడాదిలో మునిగింది 12,000, నూటికి అర్ధ రూపాయి కంటే కొంచెం ఎక్కువ. చాలా మంచి లెక్క. "క్రెడిట్ కంట్రోల్" అని రాయడానికి పెన్ను తీశాను. దుల్హాభాయ్ చెయ్యి అడ్డంపెట్టాడు.

"అది నాది కాదు. ఖాతా మీ ఆపాది. ఎవరింట్లో ఫీజులు కట్టారు, ఎవరింట్లో షాదీ ఉంది, ఎవర్ని ఈ నెల అడగొద్దు, అన్నీ ఆమెకే తెలుసు. నేను అడిగితే సగం కూడా రాకపోయేది."

ఆపా వంటింట్లోంచి, "రాసుకో నక్కో అంటానా? రాసుకోండి" అంది. ఆయన ఒప్పుకోలేదు. పద్నాలుగేళ్ల లెక్క అమానత్, తనది కానిది తన పేరు మీద వేసుకోడట. నా అభిప్రాయం కూడా అదే. పైగా సూపర్‌వైజర్ నౌకరీకి వసూళ్ల తజుర్బా పెద్దగా పనికిరాదు కూడా. చివరికి "భార్యతో కలిసి" అన్న మాట చేర్చి ఒక్క లైనులో పెట్టాం.

అంకెల గురించి ఇంకో మాట. బయోలో రాసిన అమ్మకం జీఎస్టీ కాగితాలతో సరిపోవాలి. ఈయన కంపోజిషన్ స్కీములో ఉండి మూడు నెలలకోసారి CMP-08 వేసేవాడు, అందులో మొత్తం అమ్మకం కనిపిస్తుంది. నౌకరీ చేసినవాళ్లకి ఎక్స్‌పీరియెన్స్ లెటర్, పే స్లిప్ ఉంటాయి. దుకాణ్‌దార్‌కి అవి ఉండవు. విచారణకి వచ్చేవాళ్లకి జీఎస్టీ సర్టిఫికెట్, ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లు, ఫుడ్ లైసెన్స్, హోల్‌సేలర్ బిల్లులు చూపించాలి. వాటిలో 65 లక్షలుంటే బయోలో కోటి రాసినవాడి పని అక్కడితో ఖతమ్. రిఫరెన్స్ కోసం బిస్కట్ల డిస్ట్రిబ్యూటర్ సేల్స్‌మన్‌ని అడిగాం. పదేళ్లుగా వారం వారం వస్తున్నాడు, సంతోషంగా ఒప్పుకున్నాడు.

చివరికి తయారైంది ఇంగ్లీషులో ఉంది. తెలుగులో దాని సారం ఇది:

"బడంగ్‌పేట్‌లో 14 ఏళ్లు కిరాణా దుకాణం నడిపాను. సుమారు 600 రకాల సరుకు, ఏడాదికి 65 లక్షల అమ్మకం, సగటున 25 రోజుల స్టాక్. ఎక్స్‌పైరీ దగ్గరపడింది ముందు పోయేలా ర్యాక్ సర్దడం, వారానికోసారి సరుకు లెక్కపెట్టి పుస్తకంతో సరిచూడడం నా రోజువారీ పని. పండగ డిమాండ్‌ను చాంద్ క్యాలెండర్ ప్రకారం ఆరు వారాల ముందే అంచనా వేసి ఆర్డరు పెట్టాను. భార్యతో కలిసి 70 కుటుంబాల ఉధార్ ఖాతా చూశాను. దుకాణం పూర్తిగా మూసేశాను. షిఫ్టుల్లో, సూపర్‌వైజర్ స్థాయిలో పనిచేయడానికి సిద్ధం. గోదాము సాఫ్ట్‌వేర్, స్కానర్ నాకు కొత్త, నేర్చుకుంటాను."

ఆఖరి వాక్యం తీసేయమని ఇద్దరు దోస్తులు సలహా ఇచ్చారు. నేను ఉంచమన్నాను. మొదటి రోజు స్కానర్ చేతికిస్తే ఎలాగూ తెలిసిపోతుంది.

ఇంటర్వ్యూలో, లెక్క తేడా వస్తే ఏం చేస్తారని అడిగారట. దుల్హాభాయ్ చక్కెర సంగతి చెప్పాడు. ఒక నెల చక్కెర వరసగా తక్కువ పడుతోంది. దొంగతనం అనుకోకుండా ముందు కాటా చూశాడు. కాటా సరిగ్గానే ఉంది. తర్వాత బస్తా తూచాడు. యాభై కిలోల బస్తా నలభై తొమ్మిదిన్నరే తూగింది. పిల్లాడిని ఏమీ అనలేదు, హోల్‌సేలర్‌తో మాట్లాడాడు. అడిగినాయన రాసుకున్నాడట.

నౌకరీ వచ్చింది, అల్‌హమ్దులిల్లాహ్. తనఖా గల్లాలో మిగిలేదానికంటే కొంచెం తక్కువే. కానీ ఒకటో తారీఖున వస్తుంది. జాయినింగ్ ఫారమ్ ఇంటికి తెచ్చి నా ముందే నింపాడు. "గత సంస్థలో మీరు ఎవరికి రిపోర్ట్ చేసేవారు" అన్న గడి దగ్గర ఆగి, మా ఆపా పేరు రాశాడు. ఆమె వచ్చి చూసి నవ్వుతూ కొట్టేసి, పక్కన "స్వయం" అని రాసింది.